ఆప్షన్లను పరీక్షించడం తుక్కా కాదు

నిరుడు ఎండాకాలం ఒక పిల్లవాడు తన ప్రాక్టీస్ పేపరు తెచ్చి నా ముందు పెట్టాడు. భ్రమణ గమనం పాఠం మీద పెట్టిన పరీక్ష అది. ఒక ప్రశ్నకు సరైన ఆప్షనే పెట్టాడు, పక్కన ఖాళీ జాగాలో పెన్సిలుతో మూడు చిన్న ముక్కలు రాసుకున్నాడు: "రెండు బరువులు సమానమైతే కదలొద్దు. గిరక బరువైతే మెల్లగ. బిళ్ళ కాబట్టి సగం." ఆ మూడు ముక్కల మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత ఉంది. కింద "తుక్కా! స్టెప్స్ ఏవి?" అని ఉంది. "జవాబు కరెక్టే గద సార్, ఎందుకు కొట్టేసిండ్రు?" అని అడిగాడు. దిద్దినవారెవరో, ఏ కాలేజీవారో చెప్పను. ఆ ఎర్రగీత ఒక్కరిది కాదు. మన దగ్గర చాలామంది మంచి లెక్చరర్ల మనసులో ఉన్న గీతే అది.

వాళ్ల మాట ఇది. ఫిజిక్స్ అంటే బలాల పటం గీసి, సమీకరణాలు రాసి, చివరిదాకా సాధించడం. ఆప్షన్లలో అక్షరాలకు సున్న పెట్టి, అనంతం పెట్టి, ఇది కాదు అది కాదు అని కొట్టేసుకుంటూ పోవడం ఫిజిక్స్ రానివాడు చేసే పని. పరీక్షలో టైం చాలనివాడికి మాత్రం ఒక దారి ఉంది, షార్ట్‌కట్ ఫార్ములాలు బట్టీ పట్టుకోవడం. ఈ రెండు ముక్కలూ ఒకే నోట వినిపిస్తాయి. అందులో మొదటిది తప్పు, రెండోది అంతకంటే తప్పు అని నేనంటాను. తుక్కా ఎక్కడైనా ఉంటే అది బట్టీ ఫార్ములాలో ఉంది. ఆ పిల్లవాడు రాసుకున్న మూడు ముక్కలే అసలు ఫిజిక్స్.

ఆ ప్రశ్న ఇది. M ద్రవ్యరాశి ఉన్న ఏకరీతి బిళ్ళ లాంటి కప్పీ మీదుగా ఒక తాడు. తాడు జారదు, దానికి బరువు లేదు. రెండు చివరలా m₁, m₂ వేలాడుతున్నాయి, m₁ ఎక్కువ. త్వరణం ఎంత? నాలుగు ఆప్షన్లు:

(1) (m₁ − m₂)g/(m₁ + m₂ + M)
(2) (m₁ − m₂)g/(m₁ + m₂ + M/2)
(3) (m₁ − m₂)g/(m₁ + m₂ − M/2)
(4) (m₁ + m₂)g/(m₁ + m₂ + M/2)

పుస్తకం పద్ధతిలో చేస్తే మూడు సమీకరణాలు కావాలి. అటు బరువుకొకటి, ఇటు బరువుకొకటి, కప్పీ టార్క్‌కు ఒకటి. తాడు రెండు వైపులా తన్యత వేరువేరుగా ఉంటుందని గుర్తుంచుకోవాలి. పిల్లలు సగం తప్పులు చేసేది అక్కడే. ఆ మూడు సమీకరణాలనూ సాధించడానికి చేయి తిరిగినవాడికి కూడా రెండు నిమిషాలు పడుతుంది. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. లెక్క వేస్తే ఒక్కో ప్రశ్నకు 68 సెకన్లు కూడా రావు.

పిల్లవాడు ఏం చేశాడో చూడండి. m₁, m₂ సమానం అనుకున్నాడు. అటూ ఇటూ ఒకే బరువు ఉన్నప్పుడు నిశ్చలంగా ఉన్న తాడు ఏ పక్కకు కదలాలి? కుడికి కదలాలనడానికి ఎంత కారణం ఉందో ఎడమకూ అంతే ఉంది. కాబట్టి కదలదు. ఇది సౌష్ఠవం. నాలుగో ఆప్షన్‌లో m₁ = m₂ పెడితే సున్న రాదు, అది పోయింది. తర్వాత M చాలా పెద్దది అనుకున్నాడు. వాళ్ల ఊళ్లో చేదబావి ఉందట. ఇనుప గిరక మీద ఖాళీ బొక్కెన వదిలితే ఎలా దూకుతుందో, అదే గిరక రోకలంత బరువైతే ఎలా మెల్లగా కదులుతుందో వాడికి కళ్ల ముందే ఉంది. M పెరిగేకొద్దీ త్వరణం తగ్గుతూ సున్న వైపు పోవాలి. మూడో ఆప్షన్‌లో M పెరిగితే హారం తగ్గుతుంది, త్వరణం పెరుగుతుంది. M విలువ 2(m₁ + m₂) దగ్గర హారం సున్న అవుతుంది, అది దాటితే త్వరణం రుణాత్మకం, అంటే బరువైనది పైకి పోతుంది! అదీ పోయింది.

మిగిలినవి మొదటిదీ రెండోదీ. ఇక్కడ ఆగాలి. "హద్దులు పెట్టి చూస్తే అన్నీ తేలిపోతాయి" అని చెప్పేవారితోనూ నాకు పేచీ ఉంది. ఈ రెండు ఆప్షన్లలోనూ m₁ = m₂ పెడితే సున్న వస్తుంది. రెండింటిలోనూ M అనంతమైతే సున్న, M సున్న అయితే మామూలు కప్పీ జవాబు. హద్దులు అక్షరాలు ఎక్కడ ఉండాలో చెబుతాయి, ముందున్న గుర్తు ప్లస్సో మైనస్సో చెబుతాయి. అక్షరం పక్కన ఉన్న అంకె ఒకటా సగమా అన్నది చెప్పలేవు. ఇక్కడ రెంటిలో ఒకటి గుడ్డిగా పెట్టేవాడిని తుక్కా అంటే నేను ఒప్పుకుంటాను.

మా పిల్లవాడు ఆగలేదు, "బిళ్ళ కాబట్టి సగం" అన్నాడు. అది శక్తి లెక్క. m₁ కిందికి h దూరం దిగితే m₂ అంతే పైకి పోతుంది. పోగొట్టుకున్న స్థితిజ శక్తి (m₁ − m₂)gh. అదంతా ఎక్కడికి పోవాలి? రెండు బరువుల గతిజ శక్తిలోకి, గిరక తిరుగుడులోకి. తాడు జారదు కనుక గిరక అంచు వేగమూ బరువుల వేగమూ ఒకటే v. బిళ్ళ జడత్వ భ్రామకం ½MR², కోణీయ వేగం v/R, కాబట్టి దాని శక్తి ¼Mv². అంటే ½(M/2)v². కదులుతున్న సరుకు లెక్కలో గిరక తన బరువులో సగం మాత్రమే కలుపుతుంది. హారంలో M/2 ఉండాలి. రెండో ఆప్షన్. అయిపోయింది. సమీకరణాలు సాధించలేదు, తన్యత పేరు ఎత్తలేదు, అయినా ఇందులో ఊహ అనేది ఎక్కడుంది?

ఇంకొకటి కూడా గమనించాలి. కప్పీ బిళ్ళ కాకుండా సైకిల్ రిమ్ములా బరువంతా అంచునే ఉన్నదైతే, జడత్వ భ్రామకం MR², అప్పుడు మొదటి ఆప్షనే సరైనది. అంటే ప్రశ్నలో "ఏకరీతి బిళ్ళ" అన్న మాటలోనే జవాబు దాగి ఉంది. శక్తి లెక్క ఆ మాటను చదివిస్తుంది. "కప్పీ ప్రశ్నకు M/2" అని బట్టీ పట్టినవాడు ఆ మాట చదవకుండానే పెట్టేస్తాడు, ప్రశ్న ఇచ్చినవారు బిళ్ళ తీసి రింగు పెట్టిన రోజున పడిపోతాడు.

"హద్దులు పెట్టడం రుజువు కాదు" అని ఒక అభ్యంతరం ఉంది. చాలాసార్లు కాదు, నిజమే. కానీ సౌష్ఠవం మాత్రం పూర్తి రుజువే అయిన సందర్భాలున్నాయి. 1998 ఐఐటీ ప్రవేశ పరీక్షలో వచ్చిన చతురస్రపు పలక ప్రశ్న అలాంటిది. పలక మధ్య నుంచి, భుజానికి సమాంతరంగా పోయే గీత చుట్టూ జడత్వ భ్రామకం I. అదే మధ్య నుంచి, పలక తలంలోనే, ఆ గీతతో θ కోణం చేసే ఇంకో గీత ఉంది. దాని చుట్టూ ఎంత? ఆప్షన్లు I, I sin²θ, I cos²θ, I cos²(θ/2).

θ సున్న పెట్టండి. రెండు గీతలూ ఒకటే, I రావాలి. sin²θ పోయింది. ఇప్పుడు θ 90 డిగ్రీలు పెట్టండి. చతురస్రాన్ని పావు చుట్టు తిప్పితే అది మళ్లీ తన మీద తానే కూర్చుంటుంది, కాబట్టి ఇప్పుడూ I యే రావాలి. cos²θ సున్న ఇస్తుంది, cos²(θ/2) సగం ఇస్తుంది. రెండూ పోయాయి. మిగిలింది I. పది సెకన్లు.

ఇది ఆప్షన్లు కొట్టేయడమే కదా అంటారా? సరే, ఆప్షన్లే లేవనుకుందాం. θ కోణంలో ఉన్న గీతనూ, దానికి లంబంగా పలక తలంలోనే ఉన్న ఇంకో గీతనూ తీసుకోండి. పావు చుట్టు తిప్పితే మొదటి గీత రెండో గీత మీదికి వస్తుంది, పలక మాత్రం మారదు. కాబట్టి రెండింటి చుట్టూ జడత్వ భ్రామకం సమానం. ఇంటర్ పుస్తకంలో ఉన్న లంబాక్ష సిద్ధాంతం ప్రకారం రెండింటి మొత్తం, పలకకు నిలువుగా మధ్య నుంచి పోయే అక్షం చుట్టూ ఉన్న భ్రామకానికి సమానం. ఆ మొత్తం θ తో మారదు. కాబట్టి ఒక్కొక్కటి దానిలో సగం, ఏ θ అయినా సరే. ఇది పూర్తి రుజువు. పేజీ నిండా సమాకలనాలు రాసినవాడికి దీనికంటే ఎక్కువ తెలిసిందని ఎలా అనగలం? పైగా ఇది ఎక్కడ పనిచేయదో కూడా వెంటనే తెలిసిపోతుంది. పలక దీర్ఘచతురస్రమైతే పావు చుట్టు తిప్పినప్పుడు తన మీద తాను కూర్చోదు, వాదం అక్కడే ఆగిపోతుంది, జవాబు θ తో మారుతుంది. ఒక వాదం ఎక్కడ ఆగుతుందో చెప్పగలిగినవాడు దాన్ని అర్థం చేసుకున్నవాడే.

ఇప్పుడు రెండో మాటకు వస్తాను, బట్టీ ఫార్ములాల గౌరవానికి. వాలు తలం మీద దొర్లే వస్తువుల పట్టీ మన పిల్లల నోట్సు అన్నింటిలోనూ ఉంటుంది. జారకుండా దొర్లితే త్వరణం రింగుకు g sinθ లో సగం, బిళ్ళకు 2/3, ఘనగోళానికి 5/7. దీన్నే షార్ట్‌కట్ అని నేర్పుతున్నాం. ఈ పట్టీ కంఠతా ఉన్న ఒక అమ్మాయిని నేను ఇలా అడిగాను: ఘనగోళం జారకుండా దొర్లాలంటే ఘర్షణ గుణకం కనీసం ఎంత ఉండాలి? ఆప్షన్లలో (5/7)tanθ, (2/7)tanθ రెండూ ఉన్నాయి. గోళం అనగానే 5/7 మెరిసింది, పెట్టేసింది. తప్పు. ఆమెకు గుర్తున్నది తప్పు కాదు. గుర్తున్నది వేరే ప్రశ్నకు జవాబు.

"బిడ్డా, అసలు ఘర్షణ ఎందుకు కావాలె?" అన్నాను. కాసేపు ఆలోచించి, "తిప్పడానికి సార్" అంది. అవును, బరువు కేంద్రం గుండా పనిచేస్తుంది, అది వస్తువును తిప్పలేదు. తిప్పేది ఘర్షణ ఒక్కటే. మరి బరువంతా కేంద్రంలోనే ఉన్న వస్తువైతే? తిప్పడానికి ఏమీ లేదు, ఘర్షణ సున్న అయినా చాలు. బరువంతా అంచున ఉంటే? తిప్పడం అన్నింటికంటే కష్టం, ఘర్షణ అన్నింటికంటే ఎక్కువ కావాలి. అది రింగు, దానికి కావలసింది (1/2)tanθ. గోళం ఈ రెండింటి మధ్య ఉండాలి. 5/7 సగం కంటే ఎక్కువ. రింగుకే అక్కరలేనంత ఘర్షణ గోళానికి ఎందుకు కావాలి? ఆ ఆప్షన్ ఉండనే ఉండదు. ఆమె అప్పటికప్పుడు తానే కొట్టేసింది. పట్టీ ఆమెను ముంచింది, హద్దు తేల్చింది. ఇందులో ఏది తుక్కా?

బాసరలో ఉండేవాళ్లం కాబట్టి ఒక పోలిక చెప్పుకోవచ్చు. మా గుడిలో రోజూ అక్షరాభ్యాసాలు జరుగుతాయి. పెద్దవాళ్లు పసివాడి చేయి పట్టి రాయిస్తారు. ఆ అక్షరం బాగానే వస్తుంది, కానీ వాడికి రాయడం వచ్చేసిందని ఎవరూ అనుకోరు. బట్టీ ఫార్ములాతో వచ్చిన జవాబు చేయి పట్టి రాయించిన అక్షరం లాంటిది. చేయి వదిలినప్పుడు ఏం రాస్తాడో చూడాలి.

"ఆప్షన్లు లేని ప్రశ్నలో నీ పద్ధతి ఏం చేస్తుంది?" అని ఇంకొందరు అడుగుతారు. జేఈఈ మెయిన్‌లో అంకె టైపు చేయాల్సిన ప్రశ్నలున్నాయి, నిజమే. అక్కడ కొట్టేయడానికి ఏమీ ఉండదు, తూచి చూడడానికి మాత్రం ఉంటుంది. 0.7 మీటర్ల ఎత్తు నుంచి ఘనగోళం దొర్లుతూ దిగింది, కింద వేగం ఎంత, g విలువ 10. లెక్క మొదలుపెట్టకముందే రెండు కంచెలు పాతుకోవచ్చు. అసలు తిరగకుండా నున్నగా జారితే వేగం √(2gh), అంటే √14, సుమారు 3.74. బరువంతా అంచున ఉన్న రింగైతే శక్తిలో సగం తిరుగుడుకే పోతుంది, వేగం √(gh), అంటే √7, సుమారు 2.65. గోళం వేగం ఈ రెండు కంచెల మధ్యే ఉండాలి. అసలు జవాబు √10, 3.16. ఎవరికైనా 4.8 వచ్చిందంటే ఎక్కడో తిరుగుడు శక్తిని కలపాల్సిన చోట తీసేశారు. 2.2 వచ్చిందంటే భ్రామకం తప్పు రాశారు. పది సెకన్ల పని, ఆప్షన్లతో సంబంధం లేదు.

ఈ పద్ధతికి చరిత్ర కూడా ఉంది. సంయుక్త లోలకం, అంటే ఒక బిందువు కాకుండా ఒళ్లంతా బరువున్న లోలకం ఎంతసేపటికి ఊగుతుందన్న ప్రశ్నను క్రిస్టియాన్ హైగెన్స్ తేల్చాడు. ఆ పుస్తకం 1673లో వచ్చింది. అప్పటికి జడత్వ భ్రామకం అన్న పేరే లేదు, ఆ పేరు ఆయిలర్ పెట్టింది తర్వాతి శతాబ్దంలో. హైగెన్స్ చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే: కింద పడిన వస్తువుల గురుత్వ కేంద్రం తనంతట తాను బయలుదేరిన ఎత్తును దాటి పైకి పోలేదు. ఈనాటి మాటల్లో అది శక్తి పరీక్షే. భ్రమణ గమనం అనే పాఠానికి పునాది పడిందే అలా. ఆ పునాదిని పట్టుకుని మన పిల్లలకు "స్టెప్స్ ఏవి?" అని గీత కొడుతున్నాం.

అయితే ఈ పరీక్షలు తప్పుదారి పట్టించే చోట్లు ఉన్నాయి. అవి చెప్పకుండా నేర్పితే నేనూ బట్టీయే నేర్పినట్టు. నేను చూసిన పెద్ద గోతులు రెండు.

మొదటిది: L పొడవున్న కర్రను ఒక చివర బందు చేసి, అడ్డంగా పట్టుకుని వదిలారు. వదిలిన క్షణాన రెండో చివర త్వరణం ఎంత? ఆప్షన్లు g/2, 3g/4, g, 3g/2. పిల్లలు వెంటనే "ఏదీ g కంటే వేగంగా పడదు" అని 3g/2 ను కొట్టేస్తారు. అదే సరైన జవాబు! వాళ్లు హద్దు పెట్టలేదు, నమ్మకం పెట్టారు. g దాటరాదన్న నియమం స్వేచ్ఛగా పడే వస్తువుది. బందు ఉన్న కర్రలో అది వర్తించేది కేంద్రానికి, అదీ బందు కింది నుంచి పైకి మోస్తోంది కాబట్టి. కేంద్రం త్వరణం 3g/4, g కంటే తక్కువే. చివర కేంద్రానికి రెట్టింపు దూరంలో ఉంది, కాబట్టి దాని త్వరణం రెట్టింపు, 3g/2. నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడవచ్చు. ఒక మీటరు చెక్క స్కేలు తీసుకోండి. ఒక కొసను బల్ల అంచున వేలితో ఆనించి, రెండో కొసను చేత్తో అడ్డంగా పట్టుకోండి. పొడవునా రూపాయి బిళ్ళలు పేర్చి ఆ కొసను వదిలేయండి. ఆనించిన చోటు నుంచి సుమారు 67 సెంటీమీటర్ల దాకా ఉన్న బిళ్ళలు స్కేలుతోపాటే పోతాయి. అవతలివి గాలిలో వెనకబడతాయి, స్కేలు వాటి కింద నుంచి తప్పుకుపోతుంది. త్వరణం సరిగ్గా g అయ్యే చోటు పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర ఉంది. మా ఇంటి వరండాలో పిల్లలకు ఇది ఒకసారి చూపించాక ఆ తప్పు మళ్లీ ఎవరూ చేయలేదు.

రెండోది శక్తి పరీక్షలోనే ఉంది. "రెండు వస్తువులు కలిస్తే శక్తి తగ్గాలి" అని నేర్చుకుని దాన్ని అన్ని చోట్లా పెడతారు. జాతరలో రంగులరాట్నం లాంటి బల్ల తిరుగుతోంది, 100 కిలోలు, 2 మీటర్ల వ్యాసార్ధం, బిళ్ళ ఆకారం. భ్రామకం 200. అంచున 50 కిలోల మనిషి ఎక్కి ఉన్నాడు, అతనివి ఇంకో 200. మొత్తం 400. అతను నడుచుకుంటూ మధ్యకు వచ్చాడు. ఇప్పుడు మొత్తం 200. కోణీయ ద్రవ్యవేగం మారదు కాబట్టి కోణీయ వేగం రెట్టింపు, గతిజ శక్తి కూడా రెట్టింపు. శక్తి పెరిగింది కాబట్టి తప్పు అని "రెట్టింపు" ఆప్షన్‌ను కొట్టేసినవాడు మునిగాడు. బయటికి తోసేస్తున్న బల్ల మీద లోపలికి నడవడానికి ఆ మనిషి కాళ్లు పని చేశాయి. పెరిగిన శక్తి అక్కడి నుంచి వచ్చింది. అదే మనిషి బయటి నుంచి, తిరుగుతున్న ఖాళీ బల్ల అంచు మీదికి నిశ్చలంగా దిగి నిలబడితే, కోణీయ వేగం సగమవుతుంది, శక్తీ సగమవుతుంది. పాదాల కింద రాపిడిలో పోయింది. కాబట్టి శక్తి పరీక్షకు ముందు ఒక ప్రశ్న తప్పదు: ఇక్కడ ఎవరైనా పని చేశారా, ఏదైనా రాపిడి జరిగిందా? ఆ ప్రశ్న అడగనివాడు శక్తిని వాడకూడదు.

ఈ రెండు గోతుల్నీ చూపించి "అందుకే పిల్లలకు ఇది వద్దంటున్నాం" అనేవారున్నారు. వారికి నా జవాబు ఒకటే. ఈ తప్పులు బయటపడతాయి. రంగులరాట్నం దగ్గర దారి తప్పినవాడిని "పని ఎవరు చేశారు?" అని అడిగితే దారిలోకి వస్తాడు. 5/7 గుర్తుకొచ్చి పెట్టేసిన అమ్మాయిని ఆ పట్టీ గురించి అడగడానికి ఏముంది? "సరిగ్గా గుర్తు పెట్టుకో" అనడం తప్ప.

ఇంటర్ బోర్డు పరీక్షలో స్టెప్స్ రాయాలి, నిజం. 8 మార్కుల ప్రశ్నకు సమాంతరాక్ష సిద్ధాంతం నిరూపించమంటే పటం గీసి, వరస తప్పకుండా నిరూపించాల్సిందే. అక్కడ సౌష్ఠవంతో తప్పించుకోమని నేను చెప్పడం లేదు. కానీ అది ఒక పరీక్ష, ఇది ఇంకో పరీక్ష. ఎప్‌సెట్‌లో తప్పుకు మార్కులు కోయరు. దానివల్లే తుక్కా అన్న మాటకు ఇంత బలం వచ్చింది, చివరి అయిదు నిమిషాల్లో మిగిలినవన్నీ ఏదో ఒకటి నొక్కేయడం అందరూ చూసినదే. ఆ నొక్కుడునూ, ఈ పరీక్షనూ ఒకే పేరుతో పిలవడమే అసలు తప్పు. జేఈఈ మెయిన్‌లో ఒప్పుకు 4, తప్పుకు 1 కోత. అక్కడ రెండు ఆప్షన్లు కారణంతో కొట్టేసి, మిగిలిన రెంటిని శక్తితో విడదీయగలిగినవాడు నొక్కాలి, విడదీయలేనివాడు తన దగ్గర ఏముందో తెలిసి నొక్కాలి లేదా వదలాలి.

ఇది ఎవరి మీద పడుతుందో కూడా చెప్పాలి. మా ఊళ్లో ఆర్‌జీయూకేటీ ఉంది, 2008లో పెట్టారు. అక్కడ పదో తరగతి మార్కుల మీద సీటు వస్తుంది. సీటు రాని మా చుట్టుపక్కల పిల్లలు ఇంటర్‌కు భైంసాకో, ముథోల్‌కో, రైలెక్కి నిజామాబాద్‌కో పోతారు. తర్వాత ఎప్‌సెట్‌కు కూర్చుంటారు. వీళ్లలో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. పెద్ద కోచింగుల్లో ఇచ్చే వందల ఫార్ములాల పట్టీ వీళ్ల చేతికి ఆలస్యంగా వస్తుంది, వచ్చినా బట్టీ పట్టే టైం ఉండదు. వీళ్ల దగ్గర ఉన్నది చేదబావి గిరక, సైకిల్ చక్రం, ఎడ్లబండి గాను. వాటిని చూసిన కన్ను. ఆ కన్నుతో m₁ = m₂ పెట్టి చూడడం వాళ్లు ఒక్క సాయంత్రంలో నేర్చుకుంటారు. దాన్ని తుక్కా అని కొట్టేస్తే వాళ్ల చేతిలో ఉన్న ఒక్క పనిముట్టునూ లాక్కున్నట్టే.

భైంసా, ముథోల్, నిర్మల్ కాలేజీల్లో ఫిజిక్స్ చెబుతున్న మిత్రులకు నా విన్నపం ఇది. ఈ ఏడాది భ్రమణ గమనం పాఠం అయిపోయాక పెట్టే పరీక్షలో ప్రతి ప్రశ్న పక్కన నాలుగు వేళ్ల జాగా వదలండి. జవాబు ఎలా వచ్చిందో అక్కడ రాయమనండి. "M పెద్దదైతే a సున్న" అని ఎవరైనా రాస్తే ఎర్ర పెన్నుతో గీత కొట్టకండి. ఆ మాట పక్కన ఒక టిక్కు పెట్టి, కింద ఒక్క ప్రశ్న రాయండి: "మిగిలిన రెంటిని ఎలా విడదీశావు?"